రేపటికని వదిలిన పైపు

కర్నూలులో నేను పదకొండేళ్లు పనిచేసిన హోటలుకు నాలుగు అంతస్తులు. వేడినీళ్ల గది మేడమీద ఉండేది. పొద్దున ఆరు కొట్టకముందే నేను అక్కడికి ఎక్కేవాణ్ణి. అక్కడి నుంచి చూస్తే తుంగభద్ర కనబడుతుంది. వానాకాలంలో నీళ్లు, మిగిలిన రోజుల్లో బండలు, ఇసుక, నడుమ సన్నటి పాయ. గదిలో రెండు పెద్ద ట్యాంకులు, వాటి పక్కన ఎప్పుడూ సన్నగా మూలుగుతూ తిరిగే పంపు. నేను మొదట రెండు మీటర్లు చూసేవాణ్ణి. ఒకటి కిందికి పోయే నీళ్లది, ఒకటి అంతస్తులన్నీ తిరిగి మళ్లీ ట్యాంకుకు వచ్చే నీళ్లది. పోయేవి అరవై డిగ్రీలకు తగ్గకూడదు. తిరిగి వచ్చేవి యాభైకి తగ్గకూడదు. రెండూ పుస్తకంలో రాసి, వెచ్చటి ట్యాంకు పక్కన మోకాళ్లూని ప్రార్థన చేసుకునేవాణ్ణి. చలికాలంలో ఆ వెచ్చదనం నాకు దేవుడు ప్రత్యేకంగా ఇచ్చిన దీవెనలాగే ఉండేది. ఇప్పుడు కల్లూరులో మా ఇంట్లో కూర్చుని ఇది రాస్తుంటే ఆ పంపు మూలుగు చెవిలో వినబడుతున్నట్టే ఉంది.

ఆ అరవై, యాభై లెక్క నాకు మొదటి నుంచీ తెలిసింది కాదు. నేను చేరిన కొత్తలో ఎండాకాలం రాగానే ట్యాంకును నలభై అయిదుకు దించేవాళ్లం. కర్నూలు ఎండల్లో మేడమీది చల్లనీళ్ల ట్యాంకే కాగిపోతుంది, ఇంక వేడినీళ్లు ఎవరికి కావాలి అనేవాళ్లు అందరూ. నాకూ సబబుగానే తోచింది. సాయంత్రం నుంచి పంపు కూడా ఆపేసేవాళ్లం. తర్వాత సోలారు పనులకు వచ్చే ఒక కంపెనీ వాళ్లు తమ ఇంజినీర్ల కోసం ఒక అంతస్తు మొత్తం అడిగారు. వాళ్ల భద్రతా అధికారి వచ్చి మేడమీద నాతోపాటు గంటసేపు నిలబడి అన్నీ చెప్పాడు. నీళ్లలో కంటికి కనబడని ఒక క్రిమి ఉంటుంది. చల్లటి నీళ్లలో అది నిద్రపోతున్నట్టు ఉంటుంది, బాగా కాగిన నీళ్లలో చస్తుంది, గోరువెచ్చటి నీళ్లలో, కదలకుండా నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. మామూలుగా తాగితే దానితో జబ్బు రాదు. షవరు తుంపర గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే నెమ్ము చేస్తుంది, ముసలివాళ్లకు, పొగతాగేవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. అంటే మేము ఎండాకాలమంతా దానికి అనువైన ఇల్లు కట్టి పెట్టామన్నమాట. ఆ రోజు నుంచి ట్యాంకు వేడి దించలేదు, పంపు ఆపలేదు. ఎవరి చర్మమూ కాలకుండా ప్రతి స్నానాలగదిలో షవరుకు దగ్గరగా వేడినీళ్లనూ చల్లనీళ్లనూ కలిపే వాల్వులు పెట్టాం. ఇంకొక పని కూడా మొదలైంది. ఎవరూ దిగని గదుల్లో వారానికి రెండుసార్లు నీళ్లు వదిలిపెట్టాలి.

ఆ పని రెండో అంతస్తు శుభ్రం చేసే అక్కది. ఆలూరు దగ్గర పల్లె ఆమెది, మా చర్చి సంఘమే. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. ఆమె చిన్నతనంలో వాళ్లది మైలున్నర దూరం బిందె మోసే ఊరు. అన్నం తిన్న చేయి కడిగిన నీళ్లు కూడా చెట్టు మొదట్లో పడాలని వాళ్లమ్మ కొట్టేదట. అలాంటి మనిషికి, కొళాయి తిప్పి మంచినీళ్లు తూములోకి పోనివ్వమంటే ఎలా ఉంటుంది? మొదటిరోజు ఆమె నా మొహం చూసిన చూపు ఇంకా గుర్తుంది. తర్వాత తనకు తానే ఒక దారి చేసుకుంది. కొళాయి కింద బకెట్టు పెట్టి, నిండాక ఇంకొకటి పెట్టి, ఆ నీళ్లతోనే వరండా తుడిచేది. సోమవారం, గురువారం వరండాలో బకెట్లు వరసగా కనబడితే అక్క గదుల్లో నీళ్లు వదిలిందని అర్థం. ఒక్క చుక్క వృథా కాలేదు. నాకు అది ముచ్చటగా ఉండేది.

ఇక నా సంగతి. నేను పని నేర్చుకున్నది కడపలో, రైల్వేస్టేషను దగ్గరి పాత లాడ్జిలో. అక్కడ వేడినీళ్లంటే పెరట్లో కట్టెల పొయ్యి మీద రాగి బాన. గదిలోంచి కేకేస్తే బకెట్టుతో పట్టుకుపోయేవాళ్లం. పైపుల్లో వచ్చేవి చల్లనీళ్లే. నాకు పని నేర్పిన పెద్దాయన ముస్లిం, ఐదుపూటలా నమాజు తప్పనివాడు. ఆయన ఎక్కడ కొళాయి తీసేసినా పైపును పెద్ద పైపులోంచి చీలే మూలంలో కోసేవాడు కాదు. గోడ దగ్గర మూత బిగించి, రేపు ఎవరికైనా అక్కరపడుతుంది, ఉండనీ అనేవాడు. ఇనుము దొరకని రోజులు చూసినవాడు. మేమూ అలాగే పెరిగినవాళ్లం. మా ఊరి ఏసు గుడి కట్టేటప్పుడు వంకరపోయిన మేకులు కూడా రాయి మీద సరిచేసి వాడారు. అందుకే ఆయన మాట నాకు పనివాడి మాటలా కాక, పెద్దల భక్తిలా వినబడేది.

మా హోటలు రెండో అంతస్తు చివర ఆడవాళ్ల బ్యూటీపార్లరు ఒకటి నడిచేది. తలలు కడిగే బేసిన్లు రెండు. అది సాగక మూతబడితే ఆ గదిని దుప్పట్లు, తువ్వాళ్లు పెట్టే స్టోరు చేశాం. బేసిన్లు నేనే ఊడదీశాను. వేడినీళ్ల పైపును గోడ దగ్గర మూత వేసి వదిలేశాను. మూలంలో కోయాలంటే వరండా పైకప్పు పలకలు విప్పాలి, ఆ వైపు నీళ్లన్నీ దించాలి. పైగా యజమాని రేపు పార్లరు మళ్లీ పెడితే? నాలుగు మీటర్ల పైపు పైకప్పులో అలాగే ఉండిపోయింది. భద్రతా అధికారి చెప్పిన రోజున నాకు అది జ్ఞాపకానికి కూడా రాలేదు. మూత వేసిన పైపు నా లెక్కలో పైపే కాదు.

ఒక ఏడు కంపెనీ వాళ్లు నీళ్లకు పరీక్ష చేయించమన్నారు. హైదరాబాదు నుంచి ల్యాబు మనిషి వచ్చాడు. ట్యాంకులో, తిరిగివచ్చే పైపులో, కొన్ని గదుల షవర్లలో నీళ్లు పట్టుకున్నాడు. ప్రతి షవరు దగ్గర రెండు సీసాలు. షవరు తిప్పిన వెంటనే ఒకటి, కాసేపు నీళ్లు పోయాక ఇంకొకటి. ఎందుకని అడిగితే, మొదటి సీసా షవరు సంగతి చెబుతుందనీ, రెండో సీసా దాని వెనక పైపు సంగతి చెబుతుందనీ అన్నాడు. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. ఆ క్రిమి ల్యాబులో నెమ్మదిగా పెరుగుతుందట, ఫలితానికి రెండు వారాలు పట్టింది.

శనివారం మధ్యాహ్నం వచ్చింది. ట్యాంకు బాగుంది. తిరిగివచ్చే నీళ్లు బాగున్నాయి. రెండో అంతస్తులో మాత్రం రెండు గదుల్లో క్రిమి ఉంది. రెండూ చాలా రోజులుగా ఎవరూ దిగని గదులు, రెండూ అక్కవి. నేను వెంటనే ఆ అంతస్తు షవర్లన్నీ ఆపించి గదులకు తాళాలు వేయించాను. ఆ గదుల్లో అంతకుముందు దిగినవాళ్లెవరికీ జబ్బు చేసినట్టు మాకు కబురు రాలేదు. అది మా జాగ్రత్త కాదు, దేవుని కృప.

మేనేజరు కడపవాడు, చెడ్డవాడు కాదు, కానీ కంపెనీ పోతుందన్న భయంలో ఉన్నాడు. అక్క నీళ్లకు ఎంత ప్రాణం పెడుతుందో హోటలంతా నవ్వుకునే సంగతే. కాబట్టి ఆయనకు లెక్క తేలిపోయింది. ఆమె నీళ్లు వదలకుండానే పుస్తకంలో టిక్కులు పెట్టిందన్నాడు. ఆమె వదిలానంది. ఆయన నమ్మలేదు. సోమవారం దాకా ఇంటి దగ్గర ఉండమని, ఆ తర్వాత వేరే మనిషిని చూసుకుంటామని చెప్పేశాడు. ఆమె మొగుడు పక్షవాతంతో మంచాన ఉన్నాడు, ఆ ఇల్లు ఆమె పని మీదే నడిచేది.

నేను మేనేజరు గదిలోనే ఉన్నాను, ల్యాబు కాగితం నా చేతిలో ఉంది. ఒక గదిలో మొదటి సీసాలో క్రిమి ఉంది, రెండో సీసాలో లేదు. అంటే షవరులో నిలిచిన నీళ్లు. అది నీళ్లు వదలనివాళ్ల తప్పు కావచ్చు. కానీ స్టోరు పక్కన ఉన్న చివరి గదిలో రెండు సీసాల్లోనూ ఉంది. నీళ్లు ఎంత పోయినా వెనక నుంచి వస్తూనే ఉంది. అప్పుడు నాకు పైకప్పులోని నాలుగు మీటర్లు కళ్లముందు కనబడ్డాయి. పార్లరు పైపు పుట్టింది ఆ చివరి గదికి పోయే పైపులోంచే. పంపు తిప్పే వేడినీళ్లు వరండా పెద్ద పైపులో తిరిగి వెళ్లిపోతాయి, మూత వేసిన కొమ్మలోకి పోవు. అందులో నీళ్లు ఎన్నేళ్లుగానో గోరువెచ్చగా నిలిచి, ఆ గదిలో కొళాయి తిప్పినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి వస్తున్నాయి. అక్క సోమ గురువారాలు వంద బకెట్లు పట్టినా అది పోయేది కాదు. హోటల్లో ఆ కాగితాన్ని అలా చదవగలిగింది నేనొక్కడినే. నేను నోరు విప్పలేదు.

మరునాడు నెల మొదటి ఆదివారం, గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల. మా గుడిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క వరసగా లేచి ముందుకు పోతాం. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది ఒకటే, ఎవరికైనా చేసిన తప్పు సరిదిద్దుకోకుండా ఆ బల్ల దగ్గరికి పోరాదు. నా వరస లేచింది. నేను కూర్చునే ఉన్నాను. నాలాగా సండేస్కూలు చెప్పే మనిషి కూర్చుండిపోతే అందరి కళ్లూ పడతాయి. అవతలి పక్క నుంచి అక్క కూడా చూసింది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆగి అడిగింది. "బల్లకు రాలేదే, ఏమప్పా? ఎవరితోనన్నా కొట్లాట పెట్టుకుంటివా?"

"నీతోనే అక్కా," అన్నాను.

"నాతో నీకేం కొట్లాట?"

మెట్ల పక్కకు తీసుకుపోయి అంతా చెప్పాను. మూత వేసిన పైపు, రెండో సీసా, శనివారం నేను ఊరకే నిలబడడం. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"అంటే మేనేజరు నన్ను దొంగ టిక్కులు పెట్టినావంటాంటే, నీకు తెలిసే ఊరకుండినావు."

"నేనేమీ అబద్ధం చెప్పలేదక్కా. మాట్లాడలేకపోయినా."

"ఊరకుండేది అబద్ధం కాదని సండేస్కూల్లో పిల్లోళ్లకు గూడా ఇట్లే చెప్తాండావా నువ్వు?"

ఇక అడగకుండా ఉంటే సగం నిజమే అవుతుందని, మొదటి సీసాలోనే క్రిమి ఉన్న ఆ ఇంకొక గది గురించి అడిగాను. కొళాయితో బకెట్లు పడతావు సరే, షవరు ఎప్పుడైనా తిప్పావా అని. ఆమె నేల చూసింది.

"దాన్ని బకెట్లో యాడ పడతావప్పా? గోడల మీద, తలుపు మీద అంతా చల్లుకుంటాది. శానా నీళ్లు పోతాయి. చేతులు రాలే. తిప్పలే." మళ్లీ తనే అంది. "ఆ గది నాది. నీది నీవు చెప్పు, నాది నేను చెప్తా."

సోమవారం ఇద్దరం కలిసి మేనేజరు గదికి పోయాం. ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారా అని ఆయన వెటకారంగా అడిగాడు. నేను కాగితం బల్ల మీద పరిచి ఒక్కొక్క సీసా సంగతీ వివరించాను. తర్వాత ఆయనను స్టోరులోకి తీసుకుపోయి గోడలో మూత చూపించాను. ఆయన నన్ను ఒకటే అడిగాడు.

"ఈ మాట శనివారం ఎందుకు చెప్పలేదు?"

"భయపడినా సార్."

ఆయన ఆ మూతను వేలితో తట్టి, పైపు తీసేయమన్నాడు. మళ్లీ పరీక్ష చేయిస్తామని, బాగా వస్తే ఆమె పనిలో ఉంటుందని, రాకపోతే ఇద్దరమూ ఇంటికి పోవాలని చెప్పాడు. నేను వేడి లెక్కలు రాసే పుస్తకంలో మొదటి పేజీలో ఆ పైపు ఎవరు వదిలారో, ఎందుకు వదిలారో నా చేత్తో రాయమన్నాడు. రాశాను. ఇప్పటికీ అది అక్కడ ఉండాలి.

ఆ మధ్యాహ్నం ఆ వైపు నీళ్లు దించి, పైకప్పు పలకలు విప్పి, ఈసారి మూలంలోనే కోశాను. కొమ్మ పుట్టిన చోట చిన్న ముక్క కూడా మిగలకుండా ఆ జోడింపే తీసేసి తిన్నగా పైపు కలిపాను. కోసిన పైపు దించి బకెట్టులోకి వంచితే ముందు గోధుమరంగు నీళ్లు, తర్వాత వేలితో తీయగలిగేంత జిగట వచ్చాయి. అక్క చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఇది మాత్రం నా బకెట్లోది కాదు గదప్పా," అంది.

తర్వాత మూడు రోజుల పని. ట్యాంకుల అడుగున చేరిన మడ్డి వదిలించాను. షవరు తలలన్నీ ఊడదీసి ఉప్పునీళ్ల గార పోయేదాకా కడిగాం. ఆ అంతస్తులో ఎవరినీ రానివ్వకుండా, ప్రతి తలుపు మీద కాలుతుందని కాగితం అంటించి, ట్యాంకు డెబ్బైకి పెంచి, కలిపే వాల్వులు పక్కకు తప్పించి, ఒక్కొక్క కొళాయినీ ఒక్కొక్క షవరునూ అరవై దాటిన నీళ్లతో ఐదేసి నిమిషాలు వదిలాం. ఆవిరి పీల్చకుండా షవరు గొట్టాన్ని తల లేకుండానే తూము వైపు వంచి, తలుపు మూసి బయట నిలబడ్డాం. లోపల నీళ్లు పోతున్న చప్పుడుకు అక్క మొహం వాడిపోయింది. ఆమెను ఓదార్చాలని బైబిల్లోని బేత్లెహేము బావి నీళ్ల సంగతి చెప్పాను. దాహంతో ఉన్న రాజు కోసం ముగ్గురు ప్రాణాలకు తెగించి నీళ్లు తెస్తే, ఆయన తాగకుండా దేవునికని నేల మీద పారబోశాడు, పారబోసిన నీళ్లన్నీ వృథా కావు అన్నాను.

"ఆ రాజు ఆలూరులో పుట్టలేదులేప్పా," అంది అక్క.

కానీ ఆ రాత్రి ఇంటికి పోయి ఆమె ఊరికే ఉండలేదు. వారానికి రెండుసార్లు ప్రతి షవరూ తిప్పక తప్పదని అర్థమైంది కదా. మరునాడు మాసినబట్టలు వేసే పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చింది. దాని అడుగు మూల కత్తెరతో చిన్నగా కోసి, మూతిని షవరు తలకు తాడుతో బిగించి కట్టింది. తలుపు దగ్గర నిలబడి వాల్వు తిప్పింది. నీళ్లు చిమ్మలేదు. సంచిలోకి దిగి, ఆ మూలలోంచి ఒకే ధారగా కింద బకెట్టులో పడ్డాయి. నేను అది చూసి మేడమీదికి పరుగెత్తి భద్రతా అధికారికి ఫోను చేశాను. తుంపర గాలిలోకి రాకపోతే అంతకంటే మంచిది లేదని, ప్రతిసారీ సంచి కొత్తది వాడమని ఆయన అన్నాడు. ఒక్క చుక్క వృథా కాకూడదని ఆమె చేసినది, క్రిమి ఎవరి ఊపిరిలోకీ పోకుండా చేసే పద్ధతి కూడా అయింది.

కొన్ని రోజులు ఆగి ల్యాబు మనిషి మళ్లీ వచ్చి సీసాలు నింపుకుపోయాడు. మళ్లీ రెండు వారాలు. ఆ పదిహేను రోజులూ ఆమె మామూలుగానే పనికి వచ్చింది, నేనే సరిగా అన్నం తినలేదు. నడుమ ఒక ఆదివారం సంఘంలో ప్రార్థనాంశాలు అడిగితే ఆమె లేచి, మా హోటల్లో నీళ్ల కోసం ప్రార్థన చేయండి అంది. ఎండలకని అనుకుని పెద్దలు వాన కోసం ప్రార్థించారు. ఇద్దరమూ ఆమేన్ అన్నాం.

కాగితం వచ్చిన రోజు గురువారం. నేను చదివి, మళ్లీ చదివి, మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని కిందిదాకా చూసి, ఆమెకు నువ్వే చెప్పు పో అన్నాడు. రెండో అంతస్తుకు ఎక్కాను. ఆమె చివరి గదిలో ఉంది. వరండాలో అప్పటికే ఐదు బకెట్లు నిండి ఉన్నాయి.

"ఏమీ లేదక్కా. బాగుంది."

"రెండు సీసాలూనా?"

"రెండు సీసాలూ."

ఆమె వాల్వు కట్టేసి, సంచి విప్పి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. నేనూ తల వంచాను. తర్వాత కళ్లు తెరిచి, వరండా ఈ చివర నుంచి తుడవాలి, ఆ బకెట్లు అటు జరుపు అంది. నేను చొక్కా చేతులు మడిచి మొదటి బకెట్టు ఎత్తాను.